కంపెనీ ఇచ్చిన అప్రెంటిస్ సర్టిఫికెట్ నుంచి ఎన్‌ఏసీ దాకా

ప్రశ్న: "సార్, నాది చిత్తూరు. ఐటీఐ ఫిట్టర్ పాసయ్యాను, ఐటీఐ పాసైతే వచ్చే ఎన్‌టీసీ సర్టిఫికెట్ ఉంది. తర్వాత రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఏడాది అప్రెంటిస్ చేశాను. అయిపోయాక కంపెనీ లెటర్‌హెడ్ మీద 'అప్రెంటిస్‌షిప్ కంప్లీషన్ సర్టిఫికెట్' ఇచ్చారు. ఇప్పుడు జాబ్ నోటిఫికేషన్లలో ఎన్‌ఏసీ అడుగుతున్నారు. నా దగ్గరున్నది అదేనా? కాకపోతే దీన్ని ఎన్‌ఏసీగా మార్చుకోవచ్చా? మా అన్నకు ఐటీఐ లేదు, అదే ఏరియాలో ఐదేళ్లుగా ఫిట్టర్ పని చేస్తున్నాడు. వాడికేమైనా దారి ఉందా?"

తమ్ముడూ, నీ దగ్గరున్నది ఎన్‌ఏసీ కాదు. కంపెనీ లెటర్‌హెడ్ మీద మేనేజర్ సంతకంతో వచ్చేది ఏదీ ఎన్‌ఏసీ కాదు. ఎన్‌ఏసీ అంటే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్. 1961 నాటి అప్రెంటిసెస్ యాక్ట్ కింద శిక్షణ పూర్తిచేసి, ఆ తర్వాత ఆలిండియా ట్రేడ్ టెస్ట్ పాసైనవాళ్లకు మాత్రమే అది వస్తుంది. నువ్వు ఏడాది పని చేశావని కంపెనీ కాగితం చెబుతుంది. నీకు ఆ పని వచ్చని పరీక్ష పెట్టి తేల్చి చెప్పేది ఎన్‌ఏసీ. రెండింటికీ మధ్య ఉన్నది ఆ పరీక్షే.

కాబట్టి సర్టిఫికెట్‌ను నేరుగా మార్చుకోవడం అనేది లేదు. ఆ పరీక్ష రాసే అర్హత నీకుందా అన్నదే అసలు ప్రశ్న. నీ ఏడాది పని యాక్ట్ కింద రిజిస్టర్ అయిందా లేదా అన్నదాని మీద అది ఆధారపడుతుంది. నేను ఇరవై ఏళ్లకు పైగా ఫ్యాక్టరీ ట్రైనింగ్ సెక్షన్లో పని చేశాను. ఈ కాగితం పట్టుకుని వచ్చిన పిల్లల్లో సగంమందికి తాము యాక్ట్ అప్రెంటిస్‌లమో, కంపెనీ పెట్టుకున్న ఉత్త ట్రైనీలమో తెలియదు. అది తెలియకుండా ఏ ఆఫీసు చుట్టూ తిరిగినా ఉపయోగం లేదు.

దాన్ని ఇంట్లో కూర్చునే చాలావరకు తేల్చుకోవచ్చు. ముందు నీ జీతం స్లిప్పులు తియ్యి. పీఎఫ్, ఈఎస్ఐ కోసినట్టు ఉందా చూడు. యాక్ట్ కింద అప్రెంటిస్ అంటే శిక్షణలో ఉన్నవాడు, కార్మికుడి కింద లెక్క కాదు. అందుకే మామూలుగా వాళ్లకు పీఎఫ్, ఈఎస్ఐ కోతలు ఉండవు. నీ పేరు మీద యూఏఎన్ నంబర్ తెరిచి నెలనెలా పీఎఫ్ కట్టారంటే, నిన్ను యాక్ట్ అప్రెంటిస్‌గా తీసుకోలేదన్న అనుమానం గట్టిపడుతుంది. నోటితో 'అప్రెంటిస్' అని పిలిచి, కాగితం మీద మాత్రం ఉద్యోగి కిందో కాంట్రాక్ట్ మనిషి కిందో చూపించి ఉంటారు.

తర్వాత బ్యాంకు పాస్‌బుక్ చూడు. 2019లో మార్చిన నిబంధనలు ఐటీఐ పాసైన అప్రెంటిస్‌కు కనీస స్టైపెండ్‌ను నెలకు 7,000 రూపాయలుగా పెట్టాయి. నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ స్కీమ్‌లో చేరిన కంపెనీ అయితే, అందులో నాలుగో వంతును, 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. 2023 నుంచి ఆ వాటా నేరుగా అప్రెంటిస్ ఖాతాలోకే పడుతోంది. అంటే 7,000కు నాలుగో వంతు 1,750 అయినా, పరిమితి వల్ల 1,500 ప్రభుత్వం నుంచి, మిగతా 5,500 కంపెనీ నుంచి విడివిడిగా వస్తాయి. నీ పాస్‌బుక్‌లో ఇలా రెండు రకాల జమలు కనిపిస్తే నువ్వు రిజిస్టర్ అయినట్టే అనుకోవచ్చు. కనిపించలేదని మాత్రం కంగారు పడకు. యాక్ట్ కింద రిజిస్టర్ చేసినా ఈ స్కీమ్‌లో చేరని కంపెనీలు ఉంటాయి.

పక్కాగా తేలేది అప్రెంటిస్‌ల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్ apprenticeshipindia.gov.in లో. చేరేటప్పుడు నీ ఫోన్‌కు ఓటీపీలు వచ్చి, ఆధార్ అడిగి ఉంటే అందులో నీ పేరుతో ప్రొఫైల్ ఉంటుంది. లాగిన్ అయి కాంట్రాక్ట్ చూడు. కాంట్రాక్ట్ రిజిస్ట్రేషన్ నంబరు, ట్రేడ్ పేరు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ ఉంటాయి. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకో. ఆ పోర్టల్‌లో నీ పేరే లేకపోతే కంపెనీ వాళ్లను కాంట్రాక్ట్ నంబరు అడుగు. నంబరు చెప్పలేకపోతే రిజిస్ట్రేషన్ జరగలేదనే అనుకోవాలి. చట్టం ప్రకారం కాంట్రాక్ట్ వివరాలను కంపెనీ 7 రోజుల్లో పోర్టల్‌లో ఎక్కించాలి, ఈ యాక్ట్ అమలు చూసే ప్రభుత్వ అధికారి అయిన అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ 30 రోజుల్లో రిజిస్టర్ చెయ్యాలి. శిక్షణ అయిపోయాక పాత తేదీలు వేసి కాంట్రాక్ట్ పుట్టించడం కుదరదు. డబ్బులిస్తే పాత తేదీతో చేయిస్తామని ఎవరైనా అంటే నమ్మొద్దు.

కాంట్రాక్ట్ కనిపించింది అనుకుందాం. అప్పుడు ట్రేడ్ పేరు అక్షరం అక్షరం చదువు. చాలామంది ఇక్కడే దెబ్బ తింటున్నారు. యాక్ట్ కింద డెసిగ్నేటెడ్ ట్రేడ్‌లని, ఆప్షనల్ ట్రేడ్‌లని రెండు రకాలున్నాయి. ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ లాంటివి డెసిగ్నేటెడ్. వీటికి కేంద్రం నోటిఫై చేసిన సిలబస్ ఉంటుంది, ఆలిండియా ట్రేడ్ టెస్ట్ ఉంటుంది, పాసైతే ఎన్‌ఏసీ వస్తుంది. ఆప్షనల్ ట్రేడ్ అంటే కంపెనీ తన అవసరానికి తగ్గట్టు రూపొందించుకునే కోర్సు. దాని అసెస్‌మెంట్ వేరు, సర్టిఫికెట్ సాధారణంగా ఆ రంగం సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వైపు నుంచి వస్తుంది. అదీ గుర్తింపు ఉన్నదే. కానీ 'ఫిట్టర్ ట్రేడ్‌లో ఎన్‌ఏసీ' అని అడిగిన చోట అది పనికిరాదు.

నేను పనిచేసిన ఒక చోట ఇది నా కళ్ల ముందే జరిగింది. ఫిట్టర్ ఐటీఐ పాసైన 14 మందిని తీసుకున్నారు. పోర్టల్‌లో ఎక్కించే పని ఆఫీసులో చూసుకున్నారు. డెసిగ్నేటెడ్ ట్రేడ్ అయితే సిలబస్, లాగ్‌బుక్, పరీక్ష అన్నీ చూసుకోవాలి కాబట్టి, సులువుగా ఉంటుందని అసెంబ్లీ ఆపరేటర్ అనే ఆప్షనల్ కోర్సులో వేశారు. పిల్లలు ఏడాదంతా తాము ఫిట్టర్ అప్రెంటిస్‌లమనే అనుకున్నారు. నేనూ కాంట్రాక్టు తెరిచి చూడలేదు, చూసి ఉండాల్సింది. ట్రేడ్ టెస్ట్‌కు పేర్లు పంపేటప్పుడు గాని బయటపడలేదు. అప్పటికి చేసేదేమీ లేదు. ఆ 14 మందిలో ఒకడు పాకాల నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. ఆ రోజు వాడి ముఖం నాకింకా గుర్తుంది. అప్పటినుంచి ఎవరడిగినా నేను మొదట చూపించమనేది కాంట్రాక్టులోని ట్రేడ్ పేరే.

నీ కాంట్రాక్ట్‌లో ఫిట్టర్ అనే ఉంటే సగం పని అయిపోయినట్టే. ఇక కంపెనీ పోర్టల్‌లో నీ శిక్షణ పూర్తయినట్టు చూపించిందా, ఏడాదిలో నీ పనికి వేసిన మార్కులు ఎక్కించిందా అని అడుగు. లెటర్‌హెడ్ మీద 'కంప్లీటెడ్' అని రాసిచ్చి పోర్టల్‌లో మాత్రం మూయకుండా వదిలేసిన కేసులు ఎక్కువ. అక్కడ పూర్తి కాకపోతే హాల్ టికెట్ రాదు. కంపెనీ హెచ్‌ఆర్‌కు నోటిమాటగా కాకుండా మెయిల్ పెట్టు. కాంట్రాక్ట్ నంబరు, తేదీలు, ట్రేడ్ రాసి, 'రాబోయే ఆలిండియా ట్రేడ్ టెస్ట్‌కు నా పేరు పంపండి' అని అడిగితే చాలు. పరీక్షలు ఏడాదికి రెండు విడతలుగా జరిగే పద్ధతి ఉంది. తేదీలు ప్రతిసారీ మారతాయి, కాబట్టి ఒక విడత తప్పితే ఆరు నెలలో అంతకన్నా ఎక్కువో ఆగాలి.

మెయిల్‌కు జవాబు రాకపోతే అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్‌కు రాయొచ్చు. కాంట్రాక్ట్ విషయంలో కంపెనీకి, అప్రెంటిస్‌కు తగువొస్తే తేల్చే అధికారం యాక్ట్‌లోని 20వ సెక్షన్ ఆయనకే ఇచ్చింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒకటి రెండు రాష్ట్రాల్లో నడిచే ప్రైవేట్ కంపెనీ అయితే మన రాష్ట్ర అడ్వైజర్ కిందికి వస్తుంది. రైల్వే లాంటి కేంద్ర సంస్థలు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో యూనిట్లున్న కంపెనీలు కేంద్రం కిందికి వస్తాయి. వాటికి హైదరాబాద్‌లోని ఆర్‌డీఎస్‌డీఈ, అంటే స్కిల్ డెవలప్‌మెంట్ రీజినల్ డైరెక్టరేట్, చూడాలి. రేణిగుంట, శ్రీసిటీ వైపు చాలా ఫ్యాక్టరీలు ఇలా పెద్ద కంపెనీల యూనిట్లే. నీ దరఖాస్తు తప్పు ఆఫీసులో పడితే నెలలు గడిచినా కదలదు. ఏ వైపో తెలియకపోతే ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి, అక్కడ అప్రెంటిస్‌షిప్ చూసే వాళ్లకు కాంట్రాక్ట్ చూపించి అడుగు. వాళ్లకు రోజూ ఉండే పనే ఇది.

మెయిల్ పెట్టేలోపే పేరు సరిచూసుకో. మన వైపు ఇంటిపేరుతో వచ్చే తలనొప్పి ఇంతా అంతా కాదు. పదో తరగతి మెమోలో 'కె. మునిరాజు' అని, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా విప్పి, ఎన్‌టీసీలో ఇంటిపేరు చివర పెట్టి ఉన్నాయనుకో. ఎన్‌ఏసీ మీద వచ్చే పేరు పోర్టల్‌లో ఉన్నట్టే వస్తుంది. ఉద్యోగానికి డాక్యుమెంట్ వెరిఫికేషన్‌లో వాళ్లు పోల్చేది పదో తరగతి మెమోతో. పుట్టినతేదీ, తండ్రి పేరు కూడా అంతే. పరీక్షకు ముందు దిద్దుకోవడం ఒక మెయిల్‌తో అయ్యే పని. సర్టిఫికెట్ వచ్చాక దిద్దించుకోవాలంటే కంపెనీ, అడ్వైజర్, మంత్రిత్వ శాఖ దాకా కాగితం పోవాలి.

ఇక పరీక్ష. థియరీ కంప్యూటర్ మీద ఉంటుంది, ఐటీఐలో చదివినవే. మూడు నాలుగు వారాలు పాత పుస్తకాలు తిరగేస్తే గట్టెక్కుతావు. నాకు భయమంతా ప్రాక్టికల్ గురించే. ఫ్యాక్టరీలో అప్రెంటిస్ అంటే చాలాచోట్ల లైన్ మీద నిలబెట్టి ఒకే బోల్టు బిగించే పనో, ప్యాకింగో ఇస్తారు. ఏడాది గడిచేసరికి ఐటీఐలో నేర్చుకున్న చేతిపని కూడా పోతుంది. ఫిట్టర్ ప్రాక్టికల్‌లో సాధారణంగా అడిగేది మేల్-ఫీమేల్ ఫిట్టింగ్. ఎంఎస్ ఫ్లాట్ ముక్కలు రెండిస్తారు. ఒకదాంట్లో గాడి, రెండోదాంట్లో అది దూరే నాలుక చెయ్యాలి. మార్కింగ్, హ్యాక్సా కోత, చైన్ డ్రిల్లింగ్, చిప్పింగ్, చివరికి ఫైలుతో రుద్దుడు. కొలత తేడా 0.04 మిల్లీమీటర్లు దాటకూడదన్నట్టు ఉంటుంది. అది కాగితం మందం కన్నా తక్కువే.

దాన్ని ఎలా చూస్తారో చెబుతాను. ఎగ్జామినర్ ముందు ట్రై స్క్వేర్ పెట్టి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటాడు. స్క్వేర్‌కు, ముక్కకు మధ్య వెలుగు గీత కనిపిస్తే ఆ ముఖం చదునుగా లేదన్నమాట. చివరల్లో వెలుగు వచ్చి మధ్యలో తాకితే ఫైలు ఊగిందని ఆయనకు వెంటనే తెలుస్తుంది. అది అలవాటు తప్పిన చేతి గుర్తు. తర్వాత రెండు ముక్కలూ కలిపి, తిప్పి మళ్లీ కలిపి చూస్తాడు. ఒకవైపు దూరి రెండోవైపు బిగిసిపోతే గాడి మధ్యలోకి రాలేదని అర్థం. మార్కింగ్ చేసినప్పుడే తప్పు జరిగింది, ఇక ఎంత రుద్దినా సరికాదు. నా దగ్గర ప్రాక్టికల్‌లో తప్పినవాళ్లలో ఎక్కువమంది టైమ్ అంతా ఫైలింగ్ మీద పెట్టి, మార్కింగ్ పది నిమిషాల్లో ముగించినవాళ్లే. నువ్వు మార్కింగ్‌కు అరగంట పెట్టు. వెర్నియర్ హైట్ గేజ్‌తో గీసి, ఒకే అంచు నుంచి అన్ని కొలతలూ తీసుకో. సెంటర్ పంచ్ కొట్టాక ఆ కొలతలు మళ్లీ సరిచూడు.

చెయ్యి తిరిగి రావాలంటే పరీక్షకు నెల ముందు నుంచి వారానికి రెండు ముక్కలైనా చెయ్యాలి. నువ్వు చదివిన ఐటీఐలో మీ పాత సార్‌ను అడిగితే సాయంత్రాలు బెంచ్ వైస్ వాడుకోనిస్తారు, ముక్క నువ్వు తెచ్చుకుంటే కాదనరు. థియరీలోగాని ప్రాక్టికల్‌లోగాని తప్పితే మళ్లీ వచ్చే విడతలో రాసుకోవచ్చు. శిక్షణలో ఉండగా జబ్బు చేసి పరీక్షకు కూర్చోలేని అప్రెంటిస్‌కు తర్వాతి పరీక్ష దాకా శిక్షణ పొడిగించే వీలు కూడా నిబంధనల్లో ఉంది.

ఇంత చేసి ఎన్‌ఏసీ తెచ్చుకుంటే నీకు ఏం ఒరుగుతుందో కూడా సరిగ్గా తెలుసుకో, లేకపోతే తర్వాత బాధపడతావు. రైల్వే లెవెల్ 1 పోస్టుల్లో కోర్సు పూర్తిచేసిన యాక్ట్ అప్రెంటిస్‌లకు 20 శాతం ఉంటాయని నువ్వు విని ఉంటావు. అది రైల్వే యూనిట్లలో శిక్షణ పొందినవాళ్లకు, అంటే మన తిరుపతి క్యారేజ్ రిపేర్ షాప్ లాంటి చోట చేసినవాళ్లకు. ప్రైవేట్ ఫ్యాక్టరీలో చేసిన నీకు ఆ కోటా రాదు. నీకు లాభం ఉండేది వేరే చోట. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్, అదే బెల్, లాంటి సంస్థల టెక్నీషియన్ నోటిఫికేషన్లు చూడు. పదో తరగతి, ఐటీఐతో పాటు ఏడాది అప్రెంటిస్‌షిప్ అడుగుతాయి. ఎన్‌టీసీ ఒక్కటే ఉన్నవాడు అక్కడ గేటు దగ్గరే ఆగిపోతాడు. చిత్తూరు నుంచి బెంగళూరు దగ్గరే కాబట్టి నేను మన పిల్లలకు ముందు అదే చెబుతాను. ఇంకో సంగతి, చాలా నోటిఫికేషన్లు దరఖాస్తు చివరి తేదీనాటికి ఫలితం చేతిలో ఉండాలంటాయి. పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్నవాళ్లను తీసుకోరు. అందుకే విడత తప్పించుకోవద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను.

మరి పోర్టల్‌లో నీ పేరే లేదని తేలితే? బాధ కలిగించే మాటే అయినా చెప్పాలి, ఆ ఏడాదిని ఎన్‌ఏసీగా మార్చే దారి లేదు. లెటర్‌హెడ్ కాగితం అనుభవం సర్టిఫికెట్‌గా పనికొస్తుంది, దాచుకో. యాక్ట్ కింద నువ్వు ఇంతవరకు అప్రెంటిస్ కాలేదు కాబట్టి ఇప్పుడు కొత్తగా చేరే అర్హత ఉంటుంది. కొన్ని సంస్థలు ఏడాది, అంతకు మించి అనుభవం ఉన్నవాళ్లను అప్రెంటిస్‌గా తీసుకోవు, దరఖాస్తు చేసేముందు ఆ షరతు చదువు. ఈసారి చేరిన మొదటి నెలలోనే కాంట్రాక్ట్ నంబరు, ట్రేడ్ పేరు పోర్టల్‌లో నీ కళ్లతో చూసుకో.

మీ అన్న విషయం. వాడికి అప్రెంటిస్‌షిప్ దారి అక్కర్లేదు. ట్రేడ్‌లో కనీసం మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఐటీఐలో చదవకుండానే ప్రైవేట్ అభ్యర్థిగా ఐటీఐ పరీక్ష రాసి నేరుగా ఎన్‌టీసీ తెచ్చుకునే వీలుంది. ఐదేళ్లంటే సరిపోతుంది. కానీ వాడు అనుభవాన్ని కాగితం మీద రుజువు చెయ్యాలి. ఇక్కడ పీఎఫ్ కోసి ఉంటే అదే వాడికి బలం. యూఏఎన్ పాస్‌బుక్‌లో ఏ నెల నుంచి ఏ కంపెనీ కట్టిందో వరుసగా ఉంటుంది, ఏ మేనేజర్ రాసిచ్చిన లెటర్ కన్నా అది గట్టిది. నగదు చేతికిచ్చి పని చేయించుకునే చిన్న షెడ్డులో ఉంటే, జీతం ఇప్పటినుంచైనా బ్యాంకులో వేయమని యజమానిని అడగాలి. దరఖాస్తు రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖ ద్వారా పోతుంది. ప్రకటన వచ్చినప్పుడు ప్రభుత్వ ఐటీఐలో తెలుస్తుంది. వాడికి రోజూ ఫైలు పట్టే చెయ్యి కాబట్టి ప్రాక్టికల్ గురించి భయం లేదు. ఇంజినీరింగ్ డ్రాయింగ్, వర్క్‌షాప్ క్యాలిక్యులేషన్ మాత్రం కూర్చుని చదవాలి, అవి నువ్వే నేర్పించొచ్చు. రెండు మూడు రోజుల అసెస్‌మెంట్‌తో ఇచ్చే ఆర్‌పీఎల్ సర్టిఫికెట్‌ను ఎవరైనా ఐటీఐకి సమానమని చెబితే నమ్మొద్దను. అది నైపుణ్యానికి గుర్తింపే గాని ఎన్‌టీసీ కాదు.

ఇంకొక్కటి. మీ ఇంట్లో ఎవరైనా డిప్లొమా చేసి అప్రెంటిస్ చేస్తే ఈ లెక్కలేవీ వాళ్లకు వర్తించవు. వాళ్ల నమోదు nats.education.gov.in లో, చూసేది చెన్నైలోని బోర్డ్ ఆఫ్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్. వాళ్లకు ట్రేడ్ టెస్ట్ లేకుండానే ప్రొఫిషియెన్సీ సర్టిఫికెట్ వస్తుంది. ఎవరో డిప్లొమా స్నేహితుడు 'నాకు పరీక్ష లేకుండానే వచ్చింది' అంటే, నువ్వు కంపెనీ ముందు కూర్చుని అదే అడగొద్దు.

ఇప్పుడు ముందు పోర్టల్ తెరిచి ఆ నాలుగు వివరాలు చూడు. కాంట్రాక్ట్ నంబరు దాచిపెట్టి, ట్రేడ్ పేరు, తేదీలు, అక్కడ నీ పేరు ఎలా ఉందో ఇక్కడ రాస్తే, కంపెనీకి పెట్టాల్సిన మెయిల్ తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ నేనే రాసి ఇస్తాను.